మొండి తామరకు ఏది వాడాలి: కాంబినేషన్ ట్యూబా, టెర్బినఫిన్ బిళ్లా, ఇట్రాకొనజోల్ క్యాప్సూలా?

మీ ఇంట్లో తామరకు వాడే ట్యూబు ఉంటే ఒకసారి తెచ్చి వెనక్కి తిప్పండి. ముందు వైపు బొమ్మ, పెద్దక్షరాల పేరు వదిలేయండి. వెనక చీమ తలకాయంత అక్షరాల్లో మందుల పేర్లుంటాయి. అక్కడ ఒకటే పేరుంటే, అంటే లులికొనజోలో సెర్టాకొనజోలో కీటోకొనజోలో మాత్రమే ఉంటే, అది ఫంగస్ మందు. మూడు నాలుగు పేర్లు వరసగా ఉండి, వాటిలో క్లోబెటసాల్, బీటామెథాసోన్, బెక్లోమెథాసోన్, మొమెటాసోన్ వీటిలో ఏదైనా కనబడితే అది స్టెరాయిడ్ కలిపిన ట్యూబు. గుంటూరులో నా దగ్గరికి తామరతో వచ్చేవాళ్లలో ఎక్కువ మంది అప్పటికే ఇలాంటివి రెండు మూడు ఖాళీ చేసి వస్తారు.

మొన్న మార్చిలో వచ్చినాయన ఏడు తెచ్చాడు. మిర్చి యార్డులో గుమాస్తా, వయసు 41. పాలిథిన్ కవరు బల్ల మీద బోర్లించి, "ఇవన్నీ వాడేశానండీ, ఏదీ పడట్లేదు. మిరపకాయ ఘాటుకి ఒళ్లు వేడి చేసిందంటున్నారు" అన్నాడు. ఏడింటిలో ఐదు స్టెరాయిడ్ ట్యూబులే. పేర్లు వేరు, కంపెనీలు వేరు, లోపలి సరుకు దాదాపు ఒకటే: క్లోబెటసాల్, ఆఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్, టెర్బినఫిన్. కవర్లో అడుగున మాత్రం ఇంకోటి దొరికింది. ఇట్రాకొనజోల్ 200 స్ట్రిప్పు, ఖాళీది. "అది కూడా పదిహేను రోజులు వేసుకున్నానండీ, లాభంలేదు."

ఈయన కథనే దారంగా పట్టుకుని చెబుతాను. ఎందుకంటే ఆయన ఎదుట ఉన్న ప్రశ్న చాలామందిదే. ట్యూబుతో సరిపెట్టాలా, బిళ్లలు మొదలెట్టాలా, ఏ బిళ్ల, ఎంత మోతాదు, ఎన్నాళ్లు?

కాంబినేషన్ ట్యూబు ఎందుకు గెలవదు

తామర చర్మం పైపొరలో బతికే ఫంగస్. అది మన కెరటిన్ తింటుంది. ఒంట్లోని రోగనిరోధక కణాలు దాన్ని గుర్తుపట్టి అక్కడికి చేరతాయి. ఆ పోరాటమే మనకు ఎర్రటి అంచుగా, దురదగా, పొట్టుగా కనబడుతుంది. ఫంగస్ బయటికి పాకుతూ పోతుంది, వెనక మధ్యభాగం కాస్త తేరుకుంటుంది. అందుకే ఉంగరం ఆకారం.

క్లోబెటసాల్ ఈ పోరాటాన్ని ఆపేస్తుంది. ఫంగస్‌ని కాదు, దానితో పోరాడేవాళ్లని కూర్చోబెడుతుంది. రెండు రోజుల్లో దురద పోతుంది, ఎరుపు పోతుంది, "మందు బ్రహ్మాండంగా పనిచేసింది" అనిపిస్తుంది. నాలుగో రోజో ఐదో రోజో రాయడం మానేస్తారు. లోపల ఫంగస్‌కి అడ్డులేక మరింత పెరిగి ఉంటుంది. స్టెరాయిడ్ తగ్గగానే ఒంటికి మెలకువ వచ్చి మళ్లీ యుద్ధం మొదలవుతుంది, ఈసారి ఇంకా పెద్ద మేరలో. మళ్లీ షాపుకి, మళ్లీ అదే ట్యూబు. ఇలాంటి వాళ్ల చర్మం గీకి మైక్రోస్కోపు కింద పెడితే ఫంగస్ పోగులు వలలా పరుచుకుని కనిపిస్తాయి, మందు ముట్టనివాళ్లలో కన్నా ఎక్కువగా.

మరి అదే ట్యూబులో టెర్బినఫిన్ కూడా ఉంది కదా అని మీరు అడగొచ్చు. ఉంది. కానీ అది పనిచేయాలంటే వారాల తరబడి రాయాలి. క్లోబెటసాల్‌ని గజ్జల్లో వారాల తరబడి రాయకూడదు. ఒకే ట్యూబులో రెండు పొంతన లేని గడువులు పెట్టారన్నమాట. మందు పనిచేసేంత కాలం రాస్తే చర్మం పాడవుతుంది, చర్మం పాడవకుండా ఆపితే మందు పనిచేయదు. పైగా మనదగ్గర ఇప్పుడు తిరుగుతున్న ఫంగస్‌లో చాలా భాగానికి టెర్బినఫిన్ లెక్కే లేదు, ఆ సంగతి తర్వాత చెబుతాను. ఆఫ్లాక్సాసిన్ బ్యాక్టీరియాకి, ఆర్నిడజోల్ మరో రకం క్రిములకి. తామరలో వాటికి చేసే పనే లేదు.

గజ్జల్లో ఇంకో చిక్కుంది. అక్కడి చర్మం పలచన, ఎప్పుడూ మడతపడి చెమ్మగా ఉంటుంది. 1967లో హైడ్రోకార్టిసోన్‌తో కొలిచినప్పుడు, ముంజేతి చర్మం పీల్చుకున్న దానికి వృషణాల తిత్తి చర్మం 40 రెట్లకు పైగా పీల్చుకుందని తేలింది. క్లోబెటసాల్ దానికంటే ఎన్నో రెట్లు బలమైనది. యార్డు గుమాస్తా తొడల లోపల మూడు వేళ్ల పొడవున గులాబీ రంగు చారలు పడి ఉన్నాయి, కాన్పయిన ఆడవాళ్ల పొట్ట మీద చారల్లాగా. తామర తగ్గుతుంది గానీ ఆ చారలు పూర్తిగా పోవు. ఆ మాట ఆయనకు మొదటి రోజే చెప్పాను.

మీ తామర ఇలా చెడిందో లేదో గుర్తుపట్టడానికి రెండు గుర్తులు. ఒకటి, ఉంగరంలో ఉంగరం పడుతుంది, బాణం గురి బోర్డులా. స్టెరాయిడ్ రాసినప్పుడల్లా ఆగి, మానినప్పుడల్లా పాకిన జాడ అది. రెండు, అంచు చెరిగిపోయి, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలియని గోధుమరంగు మచ్చగా మారుతుంది. ఈ రెండో రకాన్ని చూసి ఎగ్జిమా అనుకుని మరింత స్టెరాయిడ్ రాసిచ్చిన సందర్భాలూ ఉన్నాయి. అందుకే అనుమానం ఉంటే గీకి చూడటం మంచిది. అంచు దగ్గర పొట్టు కాస్త తీసి పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి చూస్తారు, అరగంటలో తేలిపోతుంది.

2018లో కేంద్రం పూత స్టెరాయిడ్లను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్ముతున్నారా అంటే మీకే తెలుసు.

ఇలాంటి ట్యూబు వాడుతున్నవాళ్లు దాన్ని ఆపేయాలి. ఆపిన వారం రోజుల్లో దురద, ఎరుపు ఎగదన్నుకొస్తాయి. ఇది ముందే తెలియకపోతే "కొత్త మందు పడలేదు" అనుకుని పాత ట్యూబు తీస్తారు. నా దగ్గర చికిత్స మధ్యలో వదిలేసినవాళ్లలో చాలామంది వదిలేసింది ఈ వారంలోనే. ఆ రోజులకు రాత్రి లెవోసిట్రిజిన్ లాంటి దురద బిళ్ల, కొబ్బరినూనో మామూలు మాయిశ్చరైజరో చాలు.

ఒట్టి పూతమందు సరిపోయేది ఎవరికి

కొత్తగా వచ్చి, ఒకటి రెండు చోట్ల మాత్రమే ఉండి, మొత్తం కలిపి మీ అరచేతులు రెండు మూడింటికి మించకపోతే, ఇంతకుముందు స్టెరాయిడ్ తగలకపోతే, ఒట్టి పూత సరిపోవచ్చు. లులికొనజోల్ అయితే రోజుకోసారి, మిగతావి చాలావరకు రెండుసార్లు. మచ్చ మీదే కాదు, అంచు దాటి రెండు వేళ్ల మేర మామూలుగా కనబడే చర్మానికీ రాయాలి, ఫంగస్ కంటికి కనబడే గీత దగ్గర ఆగదు కాబట్టి. కనబడకుండా పోయాక ఇంకో రెండు వారాలు.

ఇక్కడ జనం తప్పేది మందులో కాదు, కొలతలో. చూపుడువేలి కొస నుంచి మొదటి గీత వరకు పిండితే దాదాపు అర గ్రాము. అది వేళ్లతో సహా రెండు అరచేతులంత చోటుకి వస్తుంది. మన గుమాస్తాకి గజ్జలు రెండువైపులా, పిరుదులు, నడుం చుట్టూ కలిపి పన్నెండు అరచేతులంత ఉంది. అంటే ఒక్కసారి రాయడానికి మూడు గ్రాములు. రోజుకోసారి రాసినా 30 గ్రాముల ట్యూబు పది రోజులకి అయిపోవాలి. ఆయన 10 గ్రాముల ట్యూబుతో నెలంతా సరిపెట్టాడు, "పొదుపుగా రాశానండీ" అంటూ. అంత పలచగా రాస్తే ఏ మందూ గెలవదు. అసలు పన్నెండు అరచేతులంత జబ్బుకి ఒట్టి పూతతో దిగడమే వృథా, బిళ్లలు కావాల్సిందే. పూత దానికి తోడుగా ఉంటుంది.

టెర్బినఫిన్ బిళ్లా, ఇట్రాకొనజోలా

పదిహేనేళ్ల కిందట నేను కూడా టెర్బినఫిన్ 250 రోజుకొకటి చొప్పున రెండు వారాలు రాసేవాణ్ణి, తగ్గిపోయేది. తర్వాత్తర్వాత తగ్గడం మానేసింది. మందు మారలేదు, ఫంగస్ మారింది. ఇప్పుడు మనదేశంలో తామరకు ఎక్కువగా కారణమవుతున్న రకానికి 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. టెర్బినఫిన్ ఫంగస్‌లో స్క్వాలీన్ ఎపాక్సిడేజ్ అనే ఎంజైముని పట్టుకుని ఆపుతుంది. ఈ రకంలో చాలావాటికి సరిగ్గా ఆ ఎంజైము తయారుచేసే జన్యువులోనే మార్పు వచ్చింది. తాళంకప్ప మారిపోయింది, పాత తాళంచెవి ఎంతసేపు తిప్పినా తిరగదు. ఇట్రాకొనజోల్ వేరే ఎంజైము మీద పనిచేస్తుంది కాబట్టి దానికి ఈ ఇబ్బంది ఇంకా అంతగా లేదు.

వారణాసిలో చేసి 2020లో ప్రచురించిన పరీక్ష ఒకటుంది. 200 మందిని నాలుగు గుంపులు చేసి ఒక్కో గుంపుకి ఒక్కో మందు ఎనిమిది వారాల వరకు ఇచ్చారు. ఇట్రాకొనజోల్ గుంపులో 66 శాతం మందికి నయమైంది. ఫ్లుకొనజోల్‌తో 42, టెర్బినఫిన్‌తో 28, గ్రిసియోఫుల్విన్‌తో 14. ఈ అంకెలు చూశాక మొండి తామరకు మొదటి బిళ్లగా ఏది ఎంచుకోవాలో నాకు పెద్ద తర్జనభర్జన లేదు. కానీ ఇట్రాకొనజోల్‌తో కూడా మూడింట ఒకరికి ఎనిమిది వారాల్లో తగ్గలేదన్నది గమనించండి. ఇది మంత్రం కాదు.

టెర్బినఫిన్‌ని పూర్తిగా పక్కన పెట్టేశానా అంటే, లేదు. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకి, ఇట్రాకొనజోల్‌తో పడని మందులు మానలేనివాళ్లకి అదే దిక్కు. నాలుగు వారాలు చూసి, అంచు కదలకపోతే అక్కడ ఆపుతాను. మోతాదు రెట్టింపు చేసి ఇంకో రెండు నెలలు లాగడంలో నాకు నమ్మకం లేదు.

100, 200, 400: ఎంత, ఎన్నాళ్లు

పాత పుస్తకాల్లో, మందు పెట్టెలోని కాగితంలో తామరకు ఇట్రాకొనజోల్ 200 మిల్లీగ్రాములు ఏడు రోజులు, లేదా 100 రెండు వారాలు అని ఉంటుంది. అది వేరే కాలం, వేరే ఫంగస్. ఇప్పటి మొండి తామర వారం రోజులకు లొంగదు. మెడికల్ షాపులో ఏడు క్యాప్సూళ్లు కోసిచ్చినప్పుడు జరుగుతున్నది అదే. దురద తగ్గుతుంది, ఫంగస్ మిగులుతుంది.

మోతాదు మీద మంచి పోలిక 2022లో వచ్చింది. ఢిల్లీ డాక్టర్లు రోజుకు 100, 200, 400 మిల్లీగ్రాములు ఇచ్చి చూశారు. 100, 200 గుంపుల్లో నయం కావడానికి సగటున ఏడు వారాలు దాటింది, 400 గుంపులో సుమారు ఐదు వారాలు పట్టింది. 100కీ 200కీ మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. మరో సంగతి నాకు ఇంకా ముఖ్యమనిపించింది. నయమయ్యాక ఎనిమిది వారాల్లోపు దాదాపు సగం మందికి తిరగబెట్టింది, ఏ మోతాదు వాడినా అంతే. అంటే మోతాదు పెంచితే తొందరగా తగ్గొచ్చు గానీ తిరగబెట్టకుండా ఆపలేదు.

అందుకని నేను ఎక్కువగా రాసేది రోజుకు 200. భోజనం తర్వాత ఒకటే క్యాప్సూలుగానో, 100 చొప్పున పొద్దున సాయంత్రమో. బక్క ఒళ్లు, చిన్న జేబు ఉన్నవాళ్లకి 100తోనూ నడుస్తుంది, ఓపిక కావాలి. 400కి నేను సాధారణంగా వెళ్లను. ఖర్చు రెట్టింపు, కడుపులో తిప్పడం, కాళ్ల వాపు, కాలేయం మీద భారం పెరుగుతాయి, మిగిలేది రెండు వారాలు.

ఎన్నాళ్లు అన్నదానికి అంకె చెప్పమంటే నాలుగు వారాలకు తక్కువ లేదు, స్టెరాయిడ్ వాడినవాళ్లకి ఆరు నుంచి ఎనిమిది, ఒక్కోసారి ఇంకా పైన. కానీ నిజానికి క్యాలెండర్ చూసి ఆపకూడదు, చర్మం చూసి ఆపాలి. దురద లేదు, వేలితో తడిమితే అంచు తగలదు, గోటితో గీరితే పొట్టు రాలదు. ఈ మూడూ కుదిరితే బిళ్లలు ఆపేస్తాను, పూత మాత్రం ఇంకో రెండు వారాలు. ఇట్రాకొనజోల్ చర్మం పైపొరలో ఆపిన తర్వాత కూడా మూడు నాలుగు వారాలు నిలిచి ఉంటుంది కాబట్టి ఆ కాలమంతా కాస్త రక్షణ ఉంటుంది. నల్లమచ్చ మిగలడం లెక్కలోకి రాదు, అది కాలిన చోట మసి లాంటిది.

క్యాప్సూలు ఒంటికి పట్టాలంటే

ఇప్పుడు గుమాస్తా కవర్లో దొరికిన ఖాళీ స్ట్రిప్పు సంగతి. ఇట్రాకొనజోల్ వాడినా తగ్గలేదంటే ఫంగస్ దానికీ మొండికేసిందా? ఆ మాట అనేముందు ఎలా మింగాడో అడగాలి.

"పొద్దున్నే పరగడుపునండీ, గ్యాస్ బిళ్లతో పాటే వేసేసుకునేవాణ్ణి."

తర్వాత ఏం తినేవారు అంటే, "పథ్యం చేశానండీ. వంకాయ, గోంగూర, చేపలు మానేశా. మా ఆవిడ చారు, మెత్తటన్నం పెట్టేది, నూనె ముట్టనివ్వలేదు."

ఇంట్లోవాళ్ల శ్రద్ధకు దండం పెట్టాలి గానీ, ఆ పథ్యమే మందుని దెబ్బకొట్టింది. ఇట్రాకొనజోల్ నీళ్లలో కరగదు. క్యాప్సూలు విప్పితే లోపల ఆవగింజల్లాంటి చిన్న గుళికలుంటాయి, వాటి మీద మందు పూత పూసి ఉంటుంది. అది కరగాలంటే కడుపులో ఆమ్లం ఉండాలి, కడుపు నిండా తిండి ఉండాలి, తిండిలో కాస్త నూనో నెయ్యో ఉండాలి. పరగడుపున వేసుకుంటే చాలా భాగం కరగకుండానే కిందికి పోతుంది.

గ్యాస్ బిళ్ల ఆ కాస్త ఆమ్లాన్నీ ఆపేస్తుంది. ఒమెప్రజోల్‌తో కలిపి కొలిచిన పరీక్షలో రక్తంలో ఇట్రాకొనజోల్ సగానికి పైగా పడిపోయింది. అంటే ఈయన మింగిన 200లో ఒంటికి పట్టింది ఎంతో ఊహించుకోవచ్చు. పైగా ఆయన వేసుకునేది పాంటప్రజోల్, డోంపెరిడోన్ కలిపిన క్యాప్సూలు. డోంపెరిడోన్‌ని ఇట్రాకొనజోల్‌తో అసలు కలపకూడదు. కాలేయంలో దాన్ని విరిచే ఎంజైముని ఇట్రాకొనజోల్ అడ్డుకుంటుంది, రక్తంలో అది పేరుకుపోతే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. మన ఊళ్లలో చాలామంది ఈ గ్యాస్ క్యాప్సూలుని మందుగానే లెక్కపెట్టరు, డాక్టరు "ఏమైనా మందులు వాడుతున్నారా" అంటే "ఏం లేవండీ" అంటారు. అందుకే నేను పేరు పెట్టి అడుగుతాను.

కాబట్టి మధ్యాహ్నం అన్నం తిన్న వెంటనే వేసుకోవాలి. పప్పులో చెంచాడు నెయ్యి, ఓ వేపుడు కూర ఉంటే ఇంకా మంచిది. జెలుసిల్ లాంటి తెల్లమందు తాగాల్సి వస్తే క్యాప్సూలుకీ దానికీ మధ్య కనీసం రెండు గంటల ఎడం. వంకాయ తింటే తామర పెరగదు, మజ్జిగ తాగితే తగ్గదు.

గ్యాస్ బిళ్ల ఎలాగూ మానలేనివాళ్లకి సూపర్ బయో ఇట్రాకొనజోల్ అని ఇంకో రకం ఉంది. స్ట్రిప్పు మీద 50, 65, 100, 130 అని ఉంటుంది. 65 మామూలు 100కి సమానం, 130 మామూలు 200కి. దీనికి తిండి, ఆమ్లం పట్టింపు తక్కువ. సక్రమంగా భోంచేసి వేసుకోగలిగినవాళ్లకి ఇది తప్పనిసరి అని నేను అనను, మామూలు రకం చాలు. అంకెలు కలగాపులగం చేసుకోవద్దు. సూపర్ బయో 100 రాస్తే షాపులో మామూలు 100 ఇచ్చారంటే మోతాదు తగ్గినట్టే.

ఇట్రాకొనజోల్ ఎవరికి వద్దు

గుండె నీరసించి ఆయాసం, కాళ్ల వాపు ఉన్నవాళ్లకు ఇది ఇవ్వకూడదు, గుండె కొట్టుకునే బలాన్ని ఇది ఇంకా తగ్గిస్తుంది. గర్భిణులకు వద్దు, పిల్లల్ని కనే వయసులో ఉన్నవాళ్లు మందు వాడినంతకాలం, ఆపాక రెండు నెలలు జాగ్రత్త తీసుకోవాలి. కాలేయం చెడినవాళ్లకు వద్దు. మొదలెట్టేముందు ఒకసారి, నెలకు ఒకసారి కాలేయం పరీక్ష చేయించడం నా అలవాటు. మధ్యలో ఆకలి చచ్చిపోయినా, మూత్రం పచ్చగా ముదిరినా, కళ్లు పచ్చబడినా ఆ పూటే ఆపేసి రావాలి.

మందుల పొంతన చూస్తే, కొలెస్ట్రాల్‌కి సిమ్వాస్టాటిన్ వేసుకుంటుంటే కలపకూడదు, అటోర్వాస్టాటిన్ అయితే డాక్టరు ఆపించో తగ్గించో నడిపిస్తారు, లేకపోతే కండరాలు దెబ్బతినొచ్చు. బీపీకి ఆమ్లోడిపిన్ వాడేవాళ్లకి కాళ్లు వాచొచ్చు. ఆస్తమా ఇన్‌హేలర్లో బుడెసొనైడ్, ఫ్లుటికాసోన్ ఉంటే ఆ స్టెరాయిడ్ ఒంట్లో పేరుకుంటుంది. ఫిట్స్‌కి ఫెనిటాయిన్, కార్బమజెపైన్, టీబీకి రిఫాంపిసిన్ వాడేవాళ్లలో దీనికి తిరగేసి జరుగుతుంది, అవి ఇట్రాకొనజోల్‌నే తినేస్తాయి, తామర తగ్గదు. రోజూ వేసుకునే స్ట్రిప్పులన్నీ కవర్లో వేసుకుని రండి అని నేను ఫోన్‌లోనే చెప్పిస్తాను.

ఆ గుమాస్తాకి ఏం చేశాం

మొదటి రోజు గీకి చూస్తే మైక్రోస్కోపు నిండా పోగులే. కాలేయం, షుగర్ మామూలుగానే వచ్చాయి. స్టెరాయిడ్ ట్యూబులన్నీ ఆపించాను. గ్యాస్ క్యాప్సూలు ఎందుకు మొదలైందని అడిగితే, రెండేళ్ల కిందట కడుపునొప్పికి ఎవరో రాశారు, ఆపమని ఎవరూ చెప్పలేదు. ఆపేశాం. మామూలు ఇట్రాకొనజోల్ 200, మధ్యాహ్నం భోజనం మీద. లులికొనజోల్ రాత్రి స్నానం చేసి ఒళ్లు ఆరాక. రాత్రికి దురద బిళ్ల.

ఇంకో మాట చెప్పేసరికి మొహం మాడ్చాడు. నడుముకి నల్ల మొలతాడుంది. ఏళ్లుగా చెమటతో నాని, సరిగ్గా దాని వెంబడే తామర చుట్టు తిరిగి ఉంది. "అమ్మ కట్టిందండీ, తీయకూడదు" అన్నాడు. తీసి దేవుడి గదిలో పెట్టుకోండి, తగ్గాక కొత్తది కట్టించుకోండి అన్నాను. ఆడవాళ్లకైతే లంగా బొందు బిగించే చోటా ఇదే తంతు. బిగుతు జీన్సు బదులు వదులు ప్యాంటు, నూలు డ్రాయరు, ఎవరి తువ్వాలు వారిది. బట్టలు వేడినీళ్లలో ఉతికి, తిరగేసి ఎండలో వేయాలి. గుంటూరు ఎండ ఒక్క ఈ విషయంలో మనకు చుట్టం.

ఐదో రోజు ఫోన్. "అసలు నిద్ర లేదండీ, మంట. ఒక్కసారి పాత ట్యూబు రాస్తే?" వద్దన్నాను, ఇది స్టెరాయిడ్ దిగే మంటని మళ్లీ చెప్పాను. పదో రోజుకి సద్దుమణిగింది. మూడో వారం చివరికి దురద సగం పోయింది, అంచు పలచబడింది. నాలుగో వారం వచ్చినప్పుడు ఆగిపోయినట్టనిపించింది. నేను మోతాదు పెంచలేదు, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగాను. మొదటిరోజు అడిగితే లేదన్నాడు. ఈసారి కాసేపు నసిగి, "మా ఆవిడకి రొమ్ముల కింద ఉందండీ, చెప్పుకోవడానికి సిగ్గుపడింది" అన్నాడు. పెద్దబ్బాయికి తొడ మీద ఒక చుట్టు. ఆవిడకి మూడు అరచేతులకు మించి ఉంది కాబట్టి, గర్భం లేదని చూసుకుని బిళ్లలు, అబ్బాయికి ఒట్టి పూత. ఆ వారం నుంచే ఇల్లంతా ఒకేసారి మొదలెట్టారు. ఇది ముందే రాబట్టకపోవడం నా పొరపాటు, ఇప్పుడు మొదటిరోజే ఇంట్లో ఒక్కొక్కరి పేరూ పెట్టి అడుగుతున్నాను.

ఏడో వారానికి తడిమితే అంచు తగల్లేదు, గీరితే పొట్టు లేదు. అయినా యార్డులో సీజను, ఒళ్లంతా చెమట, స్టెరాయిడ్ చరిత్ర చూసి ఎనిమిదో వారం నిండేదాకా బిళ్లలు నడిపాను. పూత పదో వారం దాకా. రెండు నెలలయ్యాక ఒకసారి కనబడమన్నాను, తిరగబెట్టేది ఎక్కువగా ఆ లోపే కాబట్టి.

జూలై చివర్లో వచ్చాడు. చారలున్నాయి, తొడల సందున గోధుమరంగు మచ్చ ఉంది, తామర లేదు. ఫోన్ తీసి ఒక ట్యూబు ఫొటో చూపించాడు. నలుపు పోవడానికని షాపులో ఇవ్వబోయారట. వెనకవైపు ఫొటో, అక్షరాలు పెద్దవి చేసి పట్టుకున్నాడు: హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొమెటాసోన్.

"మూడోది చూసి కొనలేదండీ. అదే కదా?"

అదే.